నిషి-కసాయి ఫ్లాటులో మరమ్మతు: మోత మొదలవకముందే ఇరుగుపొరుగుకు చెప్పుకోవడం

మా ఫ్లాటు టోక్యోలోని ఎదొగావా వార్డు, నిషి-కసాయిలో ఉంది. తెలుగువాళ్లు బాగానే ఉన్న ప్రాంతం. 1980లలో కట్టిన 8 అంతస్తుల కాంక్రీటు భవనం, మాది 5వ అంతస్తులో 503. చేయించాల్సిన పని మూడు రకాలు: పాత టైల్స్ స్నానాలగదిని పగలగొట్టి, ముందే తయారైన భాగాలతో బిగించే యూనిట్ బాత్ పెట్టించడం, రెండు గదుల్లో కార్పెట్ పీకేసి చెక్క ఫ్లోరింగ్ వేయించడం, గోడలకు కొత్త వాల్‌పేపర్ అంటించడం. 2025 అక్టోబరు 6 సోమవారం నుంచి 24 శుక్రవారం దాకా అని కాంట్రాక్టరు రాసిచ్చాడు. ఇక్కడ చెప్పేది ఆ పని గురించి కాదు, దానికి ముందు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి చెప్పుకున్న తీరు గురించి.

జపాన్‌లో దీన్ని 'కోజి నో గో-ఐసాత్సు' అంటారు. పని గురించిన పలకరింపు అని అర్థం. ఒక కాగితం, ఒక చిన్న బహుమతి, గుమ్మం దగ్గర నిమిషం మాట. చూడ్డానికి మర్యాదే, కానీ అసలు పని చేసేది కాగితం. పొరుగింటివాళ్లకు కావాల్సింది ఒక్కటే: ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట దాకా తల పగిలే మోత ఉంటుంది? అది తెలిస్తే ఆ పూట బయటికి వెళ్తారు, ఇంటి నుంచి చేసే ఆఫీసు పనిని సర్దుకుంటారు. 'అక్టోబరు 6 నుంచి 24 వరకు శబ్దం ఉంటుంది' అని రాస్తే మూడు వారాలూ బిక్కుబిక్కుమంటూ ఉండాల్సిందే. నిజానికి భరించలేని శబ్దం ఉండేది రెండు మూడు రోజులే.

అందుకని కాగితం రాయకముందే కాంట్రాక్టరును కూర్చోబెట్టి, పనులు వరసగా చెప్పించుకుని, ఒక్కోదానికి ఎంత చప్పుడు వస్తుందో అడిగాం. 6న లిఫ్టుకూ నడవాకూ రక్షణ పలకలు వేస్తారు, అది నిశ్శబ్దంగా సాగిపోతుంది. 7న కార్పెట్, పాత తలుపులు పీకుతారు, మధ్యస్థం. 8, 9 తేదీల్లో స్నానాలగది టైల్స్, వాటి కింద సిమెంటు మోర్టారు పగలగొడతారు. దీన్ని వాళ్లు 'హత్సురి' అంటారు, కరెంటు సుత్తితో చేస్తారు. అసలు గోల ఇదే. 10న పైపులు, 13 సెలవు, 14న యూనిట్ బాత్ బిగింపు. 15 నుంచి 20 దాకా వడ్రంగం, ఫ్లోరింగ్, అంటే రంపం, మేకులు. ఆ తర్వాత వాల్‌పేపర్, శుభ్రం చేయడం, వాటితో పెద్ద చప్పుడు లేదు. వాళ్ల 'కోతెయిహ్యో', అంటే పనుల పట్టికలో ఇదంతా ఉంటుంది కానీ అడిగితే తప్ప శబ్దం గురించి ప్రత్యేకంగా రాయరు.

ఎవరెవరికి చెప్పాలన్నది రెండో ప్రశ్న. విడి ఇళ్లకు జపనీయుల పాత లెక్క ఒకటుంది: 'ముకో సాంగెన్ ర్యోదోనారి', ఎదురుగా మూడిళ్లు, అటూ ఇటూ రెండిళ్లు. ఆ లెక్క కాంక్రీటు ఫ్లాట్లకు చాలదు. కరెంటు సుత్తి మోత గాలిలో వెళ్లేది కొంతే. మిగిలినది స్లాబుల్లోంచి, స్తంభాల్లోంచి పాకి, రెండు అంతస్తుల అవతల గోడలోంచి బయటికొస్తుంది. అక్కడున్నవాళ్లకు ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలియదు. ఫిర్యాదు ఎక్కువగా వచ్చేదీ అలాంటి ఇళ్ల నుంచే, ఎందుకంటే పక్కింటివాళ్లకు ఎలాగూ చెప్పి ఉంటాం. మేం ఇలా ఎంచుకున్నాం: అటూ ఇటూ 2, పైన 3 (సరిగ్గా పైది, మూలల్లోవి రెండు), కింద అలాగే 3, ఇంకో అంతస్తు అవతల సరిగ్గా పైదొకటి, కిందదొకటి. మొత్తం 10 ఇళ్లు. వీళ్లతోపాటు కన్రినిన్‌సాన్, అంటే భవనం చూసుకునే మనిషి. మిగతా ఇళ్లకు లిఫ్టులోనూ కింద నోటీసు బోర్డు మీదా అంటించే కాగితం చాలు. ఆ అంటింపుకు కన్రినిన్‌సాన్ అనుమతి తీసుకోవాలి.

ఈ పలకరింపు కన్నా ముందు ఇంకో మెట్టు ఉంది, అది తప్పితే ఎంత బాగా పలకరించినా లాభం లేదు. మాన్షన్‌లో, అంటే ఇలాంటి కాంక్రీటు ఫ్లాట్ల భవనంలో, సొంత ఫ్లాటు లోపల మార్పులకు కూడా యజమానుల సంఘం, 'కన్రి కుమియాయి', అనుమతి కావాలి. మా భవనంలో పని మొదలయ్యే మూడు వారాల ముందు దరఖాస్తు పెట్టాలి, ప్లాను, తేదీలు, ఫ్లోరింగ్ వివరాలు జతచేయాలి. ఫ్లోరింగ్ మారుస్తున్నాం కాబట్టి పక్కిళ్ల దగ్గరా కింది ఇంటి దగ్గరా సమ్మతి పత్రం మీద సంతకం కూడా తేవాలి. భవనాన్ని బట్టి ఈ గడువులు, షరతులు మారతాయి, కనుక మీ భవనం నియమావళి చూసుకోండి. సమ్మతి సంతకానికి సెప్టెంబరు 6న వెళ్లాం, బహుమతి ఏమీ పట్టుకెళ్లకుండా. ఈ రెండూ ఒకే రోజు కలపొద్దని నా గట్టి అభిప్రాయం. సంతకం అడుగుతూ చేతిలో పెట్టె పెడితే, కాదనాలనుకున్నవాళ్లు కాదనలేరు. ఆ ఇబ్బంది తర్వాత మన మీద కోపంగా మారుతుంది.

సంతకం అడిగినప్పుడు కింది ఇంటాయన తేదీల గురించి ఒక్క మాటా అడగలేదు. ఫ్లోరింగ్ ఏ గ్రేడు అని అడిగారు. ఆయన భయం మూడు వారాల మోత కాదు. కార్పెట్ పోయాక ఏళ్ల తరబడి తలమీద వినపడే అడుగుల చప్పుడు. చాలా భవనాలు ఎల్ఎల్-45 స్థాయి ఫ్లోరింగ్ కావాలంటాయి. తేలికైన దెబ్బ శబ్దం కింది ఇంటికి ఎంత వినిపిస్తుందో చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మంచిది. కేటలాగు పేజీ ఫొటోకాపీ చేతికిచ్చాక ఆయన స్థిమితపడ్డారు. ఫ్లోరింగ్ గ్రేడు ఏమిటో చెప్పే ఒక్క వాక్యాన్ని తర్వాత కింది ఇళ్లకిచ్చే కాగితంలో కూడా కలిపాం.

ఇక కాగితం. ఎ4 ఒక పేజీ, అడ్డంగా టైపు చేసింది. తలకట్టు 'రిఫోము కోజి నో ఓషిరాసె తో ఓవాబి', అంటే మరమ్మతు పనుల సమాచారం, క్షమాపణ. రుతువుల పలకరింపుతో మొదలయ్యే పెద్ద ఉత్తరం అక్కర్లేదు. చదివేవాడు నిలబడే చదువుతాడు. మేం రాసినదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

ఇరుగుపొరుగు వారందరికీ.
ఈసారి మా ఇంట్లో (503) మరమ్మతు పనులు చేయించుకుంటున్నాం. పని జరిగినన్నాళ్లు శబ్దం, కంపనం, పనివాళ్ల రాకపోకల వల్ల మీకు ఇబ్బంది కలిగిస్తాం. అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుకుంటున్నాం.
కాలం: 2025 అక్టోబరు 6 (సోమ) నుంచి 24 (శుక్ర). శని, ఆది, సెలవురోజుల్లో పని లేదు.
సమయం: ఉదయం 9 నుంచి సాయంత్రం 5.
పెద్ద శబ్దం: అక్టోబరు 8 (బుధ), 9 (గురు), ఉదయం 10 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 4. స్నానాలగది టైల్స్ తొలగింపు.
కొంత శబ్దం: అక్టోబరు 7, 15 నుంచి 20. పని ముందుకో వెనక్కో జరిగితే మళ్లీ తెలియజేస్తాం.
మీకు ఇబ్బందిగా ఉండే రోజు, గంట ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.
సంప్రదించాల్సినవారు: పని చూసే సైటు బాధ్యుడు (పేరు, మొబైలు), ఇంటి యజమాని (పేరు, మొబైలు).

జపనీస్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన వాక్యాలు రెండు. 'సోఓన్ యా షిందో నాదో దె గో-మెయివాకు ఓ ఓకాకె ఇతాషిమాసు గా' (శబ్దం, కంపనం వంటివాటితో మీకు ఇబ్బంది కలిగిస్తాం), దాని వెంట 'నానితోజో గో-రికాయి నో హోదో యొరోషికు ఒనెగాయి మోషిఅగెమాసు' (దయతో అర్థం చేసుకోవాలని కోరుకుంటున్నాం). ఇబ్బంది 'కలగవచ్చు' అని రాయకూడదు. టైల్స్ పగలగొడుతూ 'కలగవచ్చు' అంటే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. కారణాలు కూడా పెద్దగా వద్దు. ఇల్లు పాతబడిందనో పిల్లలు పెద్దవాళ్లయ్యారనో రాస్తే ఆ మోతకు సమర్థన వెతుక్కుంటున్నట్టు కనిపిస్తుంది.

పైన ఇచ్చిన సైటు బాధ్యుడి నంబరు అలంకారానికి కాదు. పగలు మనం ఆఫీసులో ఉంటాం, ఫోను ఎత్తం. సుత్తి ఆపగలిగేది అక్కడున్నవాడే. కనుక ఆయన నంబరు మొదట, మనది రెండోది. మీకు జపనీస్ ఫోనులో మాట్లాడేంత రాకపోతే ఆ మాట కూడా కాగితం మీదే చెప్పేయండి, కాంట్రాక్టరుకు చేయమని.

పేరు విషయంలో తెలుగువాళ్లకో చిక్కు ఉంది. మన ఇంటిపేరు, పెట్టిన పేరు పాస్‌పోర్టులో ఎటు పడితే అటు ఉంటాయి. అదీ విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి కాతాకానాలోకి మారేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా. ఉత్తరాల పెట్టె మీద ఏ పేరు ఏ అక్షరాల్లో ఉందో సరిగ్గా అదే కాగితం మీద, బహుమతి మీద ఉండాలి, పక్కన ఇంటి నంబరు కూడా. పెట్టె మీద ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉంటే ఎవరిల్లో అర్థంకాక పొరుగువాళ్లు తికమకపడతారు.

బహుమతికి వస్తే, ఇంటికి 500 నుంచి 1000 యెన్ల మధ్యలో ఉండాలి. మేం ఒక్కోటి దాదాపు 700 యెన్లకు, 12 కొన్నాం: 10 ఇళ్లకూ, కన్రినిన్‌సాన్‌కూ, ఒకటి అదనంగా. ఆ అదనపుది ఎందుకో కింద తెలుస్తుంది. ఇంతకన్నా ఖరీదైనది ఇస్తే అవతలివాళ్లు తిరిగి ఏదో ఇవ్వాల్సిన బాధ్యతలో పడతారు, అది కొత్త ఇబ్బంది. వాడి అయిపోగొట్టేవి మంచివి: వంటింటి ర్యాప్, పాత్రల సబ్బు, చిన్న టవలు, డ్రిప్ కాఫీ, విడివిడిగా చుట్టిన బిస్కెట్లు. మేం ర్యాప్, డిటర్జెంటు జత తీసుకున్నాం. తినేది ఇస్తే గడువు తేదీ ఎక్కువరోజులుండాలి, ఎలర్జీ వివరాలు పెట్టె మీద ఉండాలి. నెయ్యి కారుతున్న ఇంటి సున్నుండలు, ఊరినుంచి వచ్చిన పూతరేకులు ఇవ్వాలని మనకు చేతులు దురద పెడతాయి. అవి స్నేహితులకు. లోపల ఏముందో తెలియని ఇంటి తయారీని ముఖపరిచయం లేని పొరుగువాళ్లు మర్యాదగా తీసుకుంటారు, తినరు. కత్తులు, కత్తెరలు ఇవ్వకూడదు, తెగతెంపులకు గుర్తు.

బహుమతి మీద కట్టే కాగితం 'నోషి'. ఇక్కడే చాలామంది పొరబడతారు. మనం క్షమాపణ చెబుతున్నాం కాబట్టి దానిమీద కూడా 'ఓవాబి' అని రాయాలనుకుంటారు. రాయకూడదు. 'ఓవాబి' అని రాసే బహుమతి నిజంగా ఏదో చెడగొట్టాక ఇచ్చేది, కింది ఇంటి సీలింగులోకి నీళ్లు కారాయనుకోండి, అప్పుడు. దానికి నోషి మీద ఉండే రంగుల దారాల ముడి కూడా ఉండదు, మామూలు తెల్ల కాగితమే. పని మొదలవకముందు ఇచ్చేదానిమీద పైన 'గో-ఐసాత్సు', కింద ఇంటిపేరు, అంతే. క్షమాపణ ఉత్తరంలో ఉంటుంది, పెట్టె మీద పలకరింపే ఉంటుంది.

ముడి ఎరుపు-తెలుపు దారాలది, సీతాకోకచిలుక ఆకారంలో ఉండాలి. లాగితే విప్పుకుని మళ్లీ కట్టుకునేది కనుక మళ్లీ మళ్లీ జరగొచ్చన్న సందర్భాలకు వాడతారు. విప్పరాని ముడి, 'ముసుబికిరి', పెళ్లికీ, జబ్బు చేసినవాళ్ల పరామర్శకూ. నలుపు-తెలుపు ముడి చావుకు. వంద యెన్ల దుకాణంలో ఇవన్నీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, రంగు చూసి తీసుకోండి. కాగితం పొట్లం చుట్టిన తర్వాత బయటే కట్టాలి, 'సోతో-నోషి', తలుపు తీసినవాళ్లకు పేరు వెంటనే కనబడేలా. చిన్న వస్తువైతే సన్నటి పట్టీ నోషి చాలు. దుకాణంలో అడిగితే వాళ్లే ముద్రించి ఇస్తారు. చేత్తో రాసేటట్టయితే చిక్కటి నల్ల సిరా బ్రష్ పెన్నుతో రాయండి, పలచటి బూడిదరంగు సిరా సంతాపానికి. కుడి పైమూలలో ఉండే చిన్న బొమ్మ ఒకప్పుడు నిజంగా ఎండబెట్టిన అబలోనీ గుల్లమాంసపు పట్టీ. ఇప్పుడు కాగితమే కాబట్టి శాకాహారులు కంగారు పడక్కర్లేదు.

వెళ్లాల్సిన సమయం పనికి వారం పదిరోజుల ముందు. మరీ ముందైతే మర్చిపోతారు, రెండు రోజుల ముందైతే వాళ్లకు సర్దుకోవడానికి వీలుండదు. సెప్టెంబరు 27 శనివారం ఉదయం 10 నుంచి 11.30, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 5. భోజనం వేళలు, పొద్దుగూకాక వద్దు. ఇద్దరికన్నా ఎక్కువమంది వెళ్లొద్దు. కాంట్రాక్టరు 'మేమే పంచుతాం' అంటాడు, అది ఉచితం, సౌకర్యం కూడా. కానీ వాడి కాగితం వాడి కంపెనీది. పని అయ్యాక ఇక్కడ ఉండేది మనం, కనుక మన ముఖం కనబడాలి. భాష రాకపోతే ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లడం మంచి మార్గం.

ఇంటర్‌ఫోన్‌లో 'గోమారుసాన్ గోషిత్సు నో (పేరు) దెసు. కోజి నో గో-ఐసాత్సు ని ఉకాగయిమాషిత' అంటే చాలు. తలుపు తీశాక కాగితం వాళ్లవైపు తిప్పి, పెద్ద శబ్దం ఉన్న వరస మీద వేలు పెట్టి 'కోనో ఫుత్సుకా వా ఓతో గా ఓకీయి దెసు' (ఈ రెండు రోజులు శబ్దం ఎక్కువ) అని చూపించాలి. తర్వాత 'హొన్నో కిమొచి దెసు గా' (ఏదో మా చిన్న భావన) అంటూ రెండు చేతులతో ఇవ్వాలి. లోపలికి పిలిచినా వెళ్లక్కర్లేదు, నిమిషం చాలు.

దాదాపు అందరూ 'ఓతాగాయి-సామా దెసు కారా' అంటారు, అందరికీ ఎప్పుడో అప్పుడు తప్పనిదేగా అని. దాన్ని అక్షరాలా అనుమతిగా తీసుకోవద్దు. అక్కడితో ఆగకుండా 'గో-త్సుగో నో వారుయి జికాన్ వా అరిమాసు కా', మీకు వీల్లేని సమయం ఏదైనా ఉందా అని ఒక్కసారి అడగాలి. అలా అడిగితేనే కింది ఇంటాయన కాస్త నసిగి, 'చోత్తో...' అని మొదలుపెట్టి, 8న మధ్యాహ్నం 2 నుంచి 3.30 దాకా ఆన్‌లైన్ మీటింగు ఉందన్నారు. మూలింట్లో పసిబిడ్డ ఉంది, 1 నుంచి నిద్రపోతుందట. ఆ 'చోత్తో' వినగానే పెన్ను తీయాలి. బిడ్డ నిద్రను కాపాడలేమనీ, గట్టి శబ్దం ఆ రెండు రోజులే ఉంటుందనీ చెప్పి క్షమించమన్నాం. మీటింగు మాత్రం కాపాడగలిగాం: ఆ రోజు సుత్తిని 2 నుంచి 3.30 వరకు ఆపించి, 4.30 దాకా పొడిగించాం.

రెండిళ్లలో ఎవరూ లేరు. ఆదివారం ఒకసారి, మంగళవారం సాయంత్రం ఒకసారి వెళ్లినా దొరక్కపోతే, కాగితం చివర 'నాందోకా ఉకాగయిమాషిత గా, గో-ఫుజాయి దెషిత నోదె, షోమెన్ నితె షిత్సురెయి ఇతాషిమాసు' అని చేత్తో రాసి, బహుమతితో పాటు కింద ఉత్తరాల పెట్టెలో వేశాం. కొన్నిసార్లు వచ్చినా మీరు లేకపోవడంతో కాగితంతోనే సరిపెడుతున్నాం, మన్నించండి అని దాని అర్థం. తలుపు పిడికి సంచి తగిలించకూడదు. ఇంట్లో ఎవరూ లేరని దారినపోయేవాళ్లకు చెప్పినట్టవుతుంది. బహుమతి పెట్టెలో పట్టే మందంలో ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. మా డిటర్జెంటు డబ్బా పట్టలేదు, ర్యాప్ ఒక్కటే వేసి, మిగిలినది తర్వాత చేతికిచ్చాం.

అన్నీ అనుకున్నట్టు సాగలేదు. టైల్స్ కింద మోర్టారు కాంట్రాక్టరు అంచనా వేసినదానికన్నా మందంగా తేలింది. పాత స్నానాలగదుల్లో తెరిచి చూస్తేగానీ తెలియని సంగతే ఇది. మీటింగు కోసం ఆపిన గంటన్నర దానికి తోడయింది. 9వ తేదీ సాయంత్రానికి ఇంకా మూలలు మిగిలిపోయాయి. 10న ఉదయం 10 నుంచి 12 దాకా మళ్లీ సుత్తి. కాంట్రాక్టరు 'రెండు గంటలేగా, అంటించక్కర్లేదు' అన్నాడు. ఒప్పుకోలేదు. రెండు రోజులే అని వేలు పెట్టి చూపించి, మూడో రోజు చెప్పకుండా మోగిస్తే మొదటి కాగితం మొత్తం అబద్ధమైపోతుంది. ఎ5 సైజులో మూడు వరసలు రాసి, 9న రాత్రి 7లోపు అవే 10 ఇళ్ల పెట్టెల్లో వేసి, లిఫ్టులో ఒకటి అంటించాం. దీనికి బహుమతి అక్కర్లేదు.

8వ తేదీ మధ్యాహ్నం ఆఫీసు నుంచి కన్రినిన్‌సాన్‌కు ఫోన్ చేసి ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాం. ఇది మర్చిపోవద్దు. జపాన్‌లో పొరుగువాడు మన తలుపు తట్టి అరవడు, ఆయనకో సంఘానికో చెబుతాడు, ఆ మాట మన దాకా వచ్చేసరికి వారం అవుతుంది. 7వ అంతస్తులో మేం వెళ్లని ఒకింటావిడ ఈ మోత ఎక్కడిదని అడిగారట. మా సరిగ్గా పైన కాదు, మూలగా ఉన్న ఇల్లు. ఆ సాయంత్రం కాగితం, మిగిలిన ఆ పన్నెండో పొట్లం ఆమెకు వెళ్లాయి. నోషి మీద అప్పుడు కూడా 'గో-ఐసాత్సు' అనే ఉంది, క్షమాపణ నోటితో చెప్పాం.

24న పని అయిపోయాక మళ్లీ ఇల్లిల్లూ తిరగలేదు. లిఫ్టులో కాగితం తీసేసి, ఆ చోట 'పనులు పూర్తయ్యాయి, ఓర్చుకున్నందుకు కృతజ్ఞతలు' అన్న రెండు వరసలు వారంపాటు ఉంచాం. కింది ఇంటికి మాత్రం నవంబరు మొదట్లో వెళ్లి, అడుగుల చప్పుడు వినిపిస్తోందా అని అడిగాం. కుర్చీ లాగినప్పుడు వినిపిస్తోందన్నారు. కుర్చీ కాళ్లకు ఫెల్టు ముక్కలు అంటించాం.